తెల్ల కాలనీలు రెండొందలు వచ్చాయి, ఒక్కదాంట్లోంచీ ఇన్సర్ట్ బయటికి రావట్లేదు

వైజాగ్_సింధు
ఎం.ఎస్సీ. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. బాసిల్లస్ లైపేజ్ జీన్, సుమారు 640 బేస్ జతలు, పీయూసీ19లో ఎకోఆర్1, హిండ్3 సైట్ల మధ్య పెట్టాలి. పీసీఆర్ చేశాను, కాలమ్ మీద శుభ్రం చేశాను, రెండు ఎంజైములతో 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు కోశాను, మళ్ళీ కాలమ్. వెక్టర్‌ని కూడా అలాగే కోశాను. 50 నానోగ్రాముల వెక్టర్‌కి 36 నానోగ్రాముల ఇన్సర్ట్, 20 మైక్రోలీటర్ల లైగేషన్, 16 డిగ్రీల దగ్గర రాత్రంతా. అందులో 5 మైక్రోలీటర్లు డీహెచ్5ఆల్ఫాలోకి వేసి, మిల్లీలీటరులో పదో వంతు ప్లేటు మీద పరిచాను. యాంపిసిలిన్, ఎక్స్‌గాల్, ఐపీటీజీ అన్నీ ఉన్నాయి.

పొద్దున చూస్తే 210 తెల్లవి, 35 నీలివి. ఇన్సర్ట్ లేకుండా వెక్టర్, లైగేజ్ మాత్రమే వేసిన ప్లేటు మీద 30 నీలివి, 2 తెల్లవి. నాకైతే ప్రాజెక్టు అయిపోయినట్టే అనిపించింది. ఎనిమిది తెల్ల కాలనీలు తీసి జీన్ ప్రైమర్లతో కాలనీ పీసీఆర్ చేస్తే ఎనిమిదింటికీ 640 దగ్గర బ్యాండ్ వచ్చింది.

తరువాత మినీప్రెప్ చేసి ఎకోఆర్1, హిండ్3 వేసి కోస్తే ఏమీ తెగలేదు. కోసిందీ కోయనిదీ పక్కపక్కన వేస్తే తేడాయే లేదు. ఎనిమిదీ అంతే. శుక్రవారం మేడమ్‌కి జెల్ చూపించాలి. ఎక్కడ తప్పు జరిగింది?

గుంటూరు_కిరణ్
ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి బల్ల మీద మరిచిపోయే వాళ్ళు ప్రతి ల్యాబ్‌లో ఒకరుంటారు. కొత్త ట్యూబ్ తీసి చూడండి.

నీలి_మచ్చ
మాకూ ఇదే సమస్య. కాలనీలన్నీ నీలంగానే వస్తున్నాయి, తెల్లది ఒక్కటి కూడా లేదు. మూడుసార్లు చేశాం.

రవళి_పీహెచ్‌డీ
@నీలి_మచ్చ, సింధుది మీకు ఎదురు సమస్య. తనకి తెల్లవి ఎక్కువ. మీరు ఏ స్ట్రెయిన్ వాడారు?

నీలి_మచ్చ
బీఎల్21. ప్రోటీన్ తీయాలి కదా, నేరుగా అందులోనే వేద్దామనుకున్నాం.

రవళి_పీహెచ్‌డీ
అదే కారణం. పీయూసీ19 ఇచ్చేది బీటా గెలాక్టోసిడేజ్‌లో చిన్న ముక్కే, ఆల్ఫా. మిగతా పెద్ద ముక్క బ్యాక్టీరియా ఇవ్వాలి. అందుకే ఎం15 డిలీషన్ ఉన్న స్ట్రెయిన్లే కావాలి: డీహెచ్5ఆల్ఫా, జేఎం109, ఎక్స్‌ఎల్1బ్లూ లాంటివి. బీఎల్21కి సొంతంగా పూర్తి ఎంజైమే ఉంది. ఇన్సర్ట్ ఉన్నా లేకపోయినా అది ఎక్స్‌గాల్‌ని నీలం చేసేస్తుంది. ముందు డీహెచ్5ఆల్ఫాలో క్లోన్ చేసుకుని, తరువాత బీఎల్21కి మార్చుకోండి.

నీలి_మచ్చ
మూడు వారాలు దీనికే పోయాయి అక్కా. థాంక్స్.

వైజాగ్_సింధు
@గుంటూరు_కిరణ్, నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ అదే రోజు, అవే ట్యూబుల్లోంచి తీసి ఖాళీ పీయూసీ19ని కోస్తే చక్కగా 2.7 కేబీ దగ్గర ఒకే లీనియర్ బ్యాండ్ వచ్చింది. ఒక్కో ఎంజైమ్ విడివిడిగా వేసినా వచ్చింది. ఎంజైములు బాగానే ఉన్నాయి.

గుంటూరు_కిరణ్
అయితే మిథైలేషన్. డీహెచ్5ఆల్ఫాలో డ్యామ్ మిథైలేజ్ ఉంటుంది, అది సైట్‌ని మూసేస్తుంది. మా సీనియర్‌కి ఎక్స్‌బీఏ1 ఇలాగే తెగలేదు, డ్యామ్ లేని స్ట్రెయిన్‌లోకి మార్చాకే తెగింది.

పాత_పిపెట్
కిరణ్, మీ సీనియర్ విషయంలో అది నిజమే. డ్యామ్ మిథైల్ పెట్టేది GATC దగ్గర. ఎక్స్‌బీఏ1 సైట్ TCTAGA. దాని ముందు GA గానీ, తరువాత TC గానీ వస్తే GATC తయారవుతుంది, అప్పుడే అడ్డం పడుతుంది. కానీ ఎకోఆర్1ది GAATTC, హిండ్3ది AAGCTT. వీటికి డ్యామ్‌తో పని లేదు. పైగా సింధు కోసిన ఖాళీ పీయూసీ19 కూడా అలాంటి బ్యాక్టీరియాలోంచే వచ్చి ఉంటుంది, అది తెగింది కదా.

సింధు గారూ, రెండు సంగతులు చెప్పండి. కోయని మినీప్రెప్‌ని ఖాళీ పీయూసీ19 పక్కన వేశారా, సైజు ఎలా ఉంది? పీసీఆర్‌కి టెంప్లేట్‌గా ఏం వాడారు?

ఓరుగల్లు_మాస్టారు
నాకు శాటిలైట్ కాలనీలేమో అనిపిస్తోంది. డిగ్రీ కాలేజీలో ఏటా పిల్లలతో ప్రాక్టికల్ చేయిస్తాను. ప్లేటు ఎక్కువసేపు ఉంచితే పెద్ద కాలనీ చుట్టూ యాంపిసిలిన్ అరిగిపోయి, ప్లాస్మిడ్ లేని చిన్న తెల్ల చుక్కలు మొలుస్తాయి. పిల్లలు వాటినే లెక్కపెట్టి సంబరపడతారు. ప్లేటు ఎన్ని గంటలు ఉంచారు?

వైజాగ్_సింధు
@ఓరుగల్లు_మాస్టారు, 16 గంటలు సార్. కాలనీలన్నీ ఒకే సైజు, నీలి వాటికి దూరంగా ప్లేటంతా సమంగా ఉన్నాయి. పైగా మినీప్రెప్‌లో ప్లాస్మిడ్ బాగా వచ్చింది. శాటిలైట్ అయితే ప్లాస్మిడ్ ఉండదు కదా?

@పాత_పిపెట్, ఖాళీ పీయూసీ19 కంటే పైనే ఉంది. ఇన్సర్ట్ చేరితే 3.3 కేబీ అవ్వాలి, సుమారు అక్కడే ఉందనిపించింది. టెంప్లేట్ జీనోమిక్ డీఎన్‌ఏ కాదు. రెండేళ్ళ కిందట మా సీనియర్ ఇదే జీన్‌ని ఒక టీఏ క్లోనింగ్ వెక్టర్‌లో పెట్టారు. ఆ ప్లాస్మిడ్ నుంచే తీశాను, 1 మైక్రోలీటర్ వేశాను.

ఓరుగల్లు_మాస్టారు
అవునమ్మా, ప్లాస్మిడ్ వచ్చిందంటే శాటిలైట్ కాదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రవళి_పీహెచ్‌డీ
జీన్ ప్రైమర్లతో కాలనీ పీసీఆర్ చేస్తే జీన్ ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడుందో తెలియదు. వెక్టర్ మీద కూర్చునే ఎం13 ఫార్వర్డ్, రివర్స్ ప్రైమర్లతో చేసి చూడు సింధూ. ఒక నీలి కాలనీని కూడా పక్కన వేయి.

వైజాగ్_సింధు
ఎం13 ప్రైమర్లతో చేశాను అక్కా. నీలి కాలనీకి వంద పైచిలుకు దగ్గర చిన్న బ్యాండ్. తెల్లవాటన్నిటికీ పెద్ద బ్యాండ్ వచ్చింది. లెక్క ప్రకారం 700 దగ్గర రావాలి, ఇది 850కి పైన ఉంది. మా లాడర్ సరిగ్గా విడిపోలేదేమో అనుకుంటున్నాను.

డాలస్_శ్రీను
ఎం13తో కూడా పెద్ద బ్యాండ్ వచ్చిందంటే క్లోన్ అయినట్టే కదా? పీసీఆర్ ప్రైమర్ చివర్లలో సైట్లు తప్పుగా టైపు చేశారేమో చూడండి. లేకపోతే ఇన్సర్ట్ ఇంకెలాగో అతుక్కుందేమో.

పాత_పిపెట్
ప్రైమర్లో సైట్ తప్పైతే అసలు అతుక్కోదు శ్రీను గారూ. అతుక్కుందంటే ఆ కొసలు సరిపోయాయి, అంటే సైట్లు మళ్ళీ ఏర్పడాలి. మీ లాడర్‌లో కూడా తప్పు లేదు సింధూ, ఆ 150 బేసుల తేడాలోనే విషయం ఉంది. మీ సీనియర్ వాడిన టీఏ వెక్టర్‌కి ఏ యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ ఉంది? అది కూడా నీలం తెలుపు చూసే రకమేనా? అందులో ఎకోఆర్1, హిండ్3 సైట్లు ఉన్నాయా? మ్యాప్ తీసి చూడండి.

వైజాగ్_సింధు
మ్యాప్ దొరికింది. యాంపిసిలిన్. ల్యాక్‌జెడ్ ఆల్ఫా ఉంది, జీన్ అందులోనే దూరింది. ఎకోఆర్1 లేదు, హిండ్3 లేదు, సీక్వెన్స్‌లో ఎక్కడా లేవు. వెక్టర్ సుమారు 3 కేబీ, జీన్‌తో కలిపి 3.6. ఎం13 సైట్లు కూడా ఉన్నాయి.

అయ్యో.

రవళి_పీహెచ్‌డీ
ఆ వెక్టర్లో కూడా ఎం13 సైట్లు ఉంటాయన్న ఆలోచనే నాకు రాలేదు. నేను చెప్పిన పరీక్ష ఇక్కడ పనికిరానిది, సారీ సింధూ.

పాత_పిపెట్
పనికిరాలేదని ఎందుకంటారు, ఆ 150 తేడా బయటపడింది అందులోనే. రెండు వెక్టర్లలోనూ ఎం13 సైట్లకీ జీన్‌కీ మధ్య దూరం ఒకటి కాదు.

జరిగింది ఇది. మీ తెల్ల కాలనీల్లో ఉన్నది మీరు కట్టిన ప్లాస్మిడ్ కాదు, మీ సీనియర్ కట్టింది. పీసీఆర్ ట్యూబులో టెంప్లేట్‌గా వేసింది కాలమ్‌లో పోదు. కాలమ్ ప్రైమర్లనీ ఎంజైమ్‌నీ తీసేస్తుంది గానీ 3.6 కేబీ ప్లాస్మిడ్‌ని భద్రంగా పట్టుకుని మీ జీన్‌తో పాటే మీకిస్తుంది. దాంట్లో సైట్లు లేవు గనుక మీ రెండు ఎంజైములు దాన్ని తాకలేదు. గుండ్రంగా, చుట్ట చుట్టుకుని, లైగేజ్ అవసరమే లేకుండా నేరుగా బ్యాక్టీరియాలోకి వెళ్ళింది. యాంపిసిలిన్ తట్టుకుంది. ఆల్ఫా ముక్క మధ్యలో మీ జీన్ ఉంది కాబట్టి తెల్లగా మొలిచింది. జీన్ ప్రైమర్లతో బ్యాండ్ ఇచ్చింది. ఎకోఆర్1, హిండ్3లకి తెగలేదు. మీరు చూసినవన్నీ దీంతో సరిపోతున్నాయి.

లెక్క కూడా వేద్దాం. మీ టెంప్లేట్ గాఢత ఎంత? మామూలు పీయూసీ19తో కంట్రోల్ ప్లేటు పెట్టారా?

వైజాగ్_సింధు
టెంప్లేట్ 100 నానోగ్రాములు పర్ మైక్రోలీటర్. అంటే 100 నానోగ్రాములు వేశాను. శుభ్రం చేశాక పీసీఆర్ మొత్తం 1.5 మైక్రోగ్రాములు వచ్చింది. కంట్రోల్‌గా 100 పైకోగ్రాముల పీయూసీ19 వేసి, మిల్లీలీటరులో పదో వంతు పరిస్తే 80 కాలనీలు వచ్చాయి.

పాత_పిపెట్
చాలా బాగా రాసుకున్నారు, ఇంత వివరం ఉంటే సగం పని అయినట్టే.

పదో వంతు పరిచారు, అంటే ప్లేటు మీదికి వెళ్ళింది 10 పైకోగ్రాములు. దానికి 80 కాలనీలు. మైక్రోగ్రాముకి 80 లక్షలు. కాల్షియం క్లోరైడ్‌తో ల్యాబ్‌లోనే చేసుకున్న కణాలకి ఇది మంచి లెక్కే.

ఇప్పుడు మీ ఇన్సర్ట్‌లో టెంప్లేట్ వాటా 1,500కి 100, అంటే పదిహేనో వంతు. లైగేషన్‌లో వేసిన 36 నానోగ్రాముల్లో 2.4 నానోగ్రాములు పాత ప్లాస్మిడ్. 20 మైక్రోలీటర్లలో 5 తీసుకున్నారు, 0.6 నానోగ్రాములు. అందులో పదో వంతు ప్లేటు మీదికి, 0.06 నానోగ్రాములు.

```
0.00006 µg × 8,000,000 = 480
```

480 కాలనీలు రావచ్చు. రెండో కాలమ్‌లో కొంత పోయి ఉంటుంది, లైగేషన్ బఫర్ కలిస్తే కణాలు కొంచెం తక్కువగా తీసుకుంటాయి. 210 రావడంలో ఆశ్చర్యం లేదు.

గుంటూరు_కిరణ్
0.06 నానోగ్రాములకే ప్లేటు నిండిపోతుందా! మరి ఆ వెక్టర్ కంట్రోల్‌లో ఎందుకు పట్టుబడలేదు?

పాత_పిపెట్
ఆ కంట్రోల్‌లో ఇన్సర్ట్ ట్యూబ్‌లోంచి చుక్క కూడా వేయలేదు కదా. అది వెక్టర్ గురించి మాత్రమే చెప్తుంది: సరిగ్గా తెగిందా, తనలో తాను ఎంత అతుక్కుంటోంది అని. కలుషితం ఇన్సర్ట్ ట్యూబ్‌లో ఉంది. వెక్టర్, ఇన్సర్ట్ రెండూ వేసి లైగేజ్ మాత్రం వేయని ప్లేటు ఒకటి ఉంటే ఆ రోజే తెలిసేది, అతకకుండానే తెల్లవి మొలిచేవి కాబట్టి.

దీన్ని నమ్మే ముందు రుజువు చేసుకోండి. కోసి శుభ్రం చేసిన ఇన్సర్ట్ మాత్రమే, 9 నానోగ్రాములు, వెక్టర్ లేకుండా లైగేజ్ లేకుండా కణాల్లోకి వేసి పరచండి. లీనియర్ ముక్క కాలనీ ఇవ్వదు. వస్తే అది టెంప్లేటే.

డాలస్_శ్రీను
పరిహారం సులువే. పీసీఆర్ ప్రొడక్ట్‌ని జెల్ మీద నడిపి 640 బ్యాండ్‌ని కోసి తీయండి. ప్లాస్మిడ్ ఎక్కడో పైన ఉండిపోతుంది. మా కంపెనీలో జెల్ లేకుండా ఇన్సర్ట్ ముట్టుకోరు.

రవళి_పీహెచ్‌డీ
జెల్ కంటే డీపీఎన్1 మేలు. పీసీఆర్ అవ్వగానే ఆ 50 మైక్రోలీటర్లలోనే 1 మైక్రోలీటర్ డీపీఎన్1 వేసి 37 దగ్గర గంట ఉంచి, 80 దగ్గర 20 నిమిషాలు పెట్టు. అది మిథైల్ ఉన్న GATCనే కోస్తుంది. సీనియర్ ప్లాస్మిడ్ బ్యాక్టీరియాలో పెరిగింది, మిథైల్ ఉంది, ముక్కలైపోతుంది. నీ పీసీఆర్ ప్రొడక్ట్ ట్యూబులో పుట్టింది, మిథైల్ లేదు, చెక్కుచెదరదు. కిరణ్ చెప్పిన మిథైలేషన్ చివరికి ఇక్కడ పనికొచ్చింది!

గుంటూరు_కిరణ్
ఏదో ఒక రూపంలో నేను చెప్పిందే కరెక్ట్ అన్నమాట. ఆ డీపీఎన్1ని నేరుగా లైగేషన్‌లోనే వేసేస్తే పోదా? ఒక స్టెప్ తగ్గుతుంది.

పాత_పిపెట్
వద్దు, వద్దు. పీయూసీ19 కూడా బ్యాక్టీరియాలోంచే వచ్చింది. దానికీ మిథైల్ ఉంటుంది. లైగేషన్‌లో వేస్తే వెక్టర్‌నే ముక్కలు చేస్తుంది. పీసీఆర్ ట్యూబులో, వెక్టర్ కలవకముందే వేయాలి.

డాలస్_శ్రీను
డీపీఎన్1 వేసినా ఎంతో కొంత మిగులుతుంది. నేను జెల్‌కే ఓటేస్తాను.

ఓరుగల్లు_మాస్టారు
జెల్ అంటే ఒక మాట. చాలా కాలేజీల్లో ఉన్న ట్రాన్సిల్యుమినేటర్ 312 నానోమీటర్లది. బ్యాండ్ కోస్తూ దాని మీద రెండు నిమిషాలు ఉంచితే డీఎన్‌ఏ దెబ్బతింటుంది, తరువాత కాలనీలు పడిపోతాయి. మా పిల్లల బ్యాచ్ ఒకటి అలాగే పోయింది. 365 ఉంటే అది వాడు, లేకపోతే బ్లేడు సిద్ధం చేసుకుని లైటు వేసి పది సెకన్లలో ముగించు.

పాత_పిపెట్
శ్రీను గారి మాటా, రవళి గారి మాటా రెండూ సరైనవే, ఒకదానికొకటి అడ్డం కాదు. కానీ అన్నిటికంటే ముందు టెంప్లేట్ తగ్గించండి. ప్లాస్మిడ్ టెంప్లేట్‌కి 1 నానోగ్రాము చాలు. వంద వేయడం వల్లే ఇదంతా. ఇంకో దారి కూడా ఉంది. టెంప్లేట్ కనామైసిన్ ప్లాస్మిడ్ అయ్యుంటే, ఎంత మిగిలినా యాంపిసిలిన్ ప్లేటు మీద మొలిచేదే కాదు. మీకు ఇప్పుడు ఆ అవకాశం లేదనుకోండి.

ప్రైమర్లు కూడా చెప్పండి. సైట్‌కి ముందు ఎన్ని బేసులు అదనంగా పెట్టారు?

వైజాగ్_సింధు
ఎకోఆర్1 వైపు ఆరు. హిండ్3 వైపు రెండే. ఆ ప్రైమర్ సీనియర్ డిజైన్ చేసి తెప్పించింది.

పాత_పిపెట్
హిండ్3 డీఎన్‌ఏ కొసకి మరీ దగ్గరగా ఉంటే సరిగ్గా కోయదు. రెండు బేసులంటే చాలా ముక్కలు ఆ వైపు తెగకుండానే లైగేషన్‌లోకి వెళ్ళి ఉంటాయి. ఇప్పటికి దాన్ని ఎక్కువసేపు కోయండి. తరువాత ఆర్డర్ పెట్టేటప్పుడు ఆరు పెట్టండి.

ఓరుగల్లు_మాస్టారు
ఇదంతా చూస్తే ఎక్స్‌గాల్ ఖర్చు ఎందుకా అనిపిస్తుంది. నీలం తెలుపు చూసి ఆగమైంది. నేరుగా మినీప్రెప్ చేసి కోసి చూసుకుంటే పోయేది.

రవళి_పీహెచ్‌డీ
ఒప్పుకోను మాస్టారూ. ఎనిమిది మినీప్రెప్‌లు చేయగల ల్యాబ్‌కి 245 కాలనీల్లో ఏ ఎనిమిదో ఎవరు చెప్తారు? మామూలు రోజున ఆ నీలి 35ని పక్కన పెట్టడం పెద్ద సాయమే. తెలుపు అంటే ఆల్ఫా ముక్క పని చేయట్లేదని మాత్రమే అర్థం. అంతకంటే ఎక్కువ చదువుకోకూడదు.

ఓరుగల్లు_మాస్టారు
మా బడ్జెట్ చూస్తే మీరూ నా వైపే ఉంటారమ్మా. అయినా సరే.

వైజాగ్_సింధు
ఐదు రోజుల తరువాత వచ్చాను. శుక్రవారం మేడమ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఇంకో వారం ఇచ్చారు.

పాత ఇన్సర్ట్ మాత్రమే వేసిన ప్లేటు మీద, వెక్టర్ లేకుండా లైగేజ్ లేకుండా, 190 తెల్ల కాలనీలు. చూడగానే ఏడుపొచ్చింది, వెంటనే ధైర్యం కూడా వచ్చింది, కారణం దొరికింది కాబట్టి.

కొత్త పీసీఆర్ 1 నానోగ్రాము టెంప్లేట్‌తో చేశాను. డీపీఎన్1 గంట. కాలమ్. ఎకోఆర్1, హిండ్3 నాలుగు గంటలు. మళ్ళీ కాలమ్. ఈసారి ఇన్సర్ట్ మాత్రమే వేస్తే 1 కాలనీ. లైగేజ్ లేకుండా వెక్టర్, ఇన్సర్ట్ కలిపి వేస్తే 3 నీలివి, 1 తెల్లది. అసలు లైగేషన్ ప్లేటు: 14 తెల్లవి, 33 నీలివి.

210 చూసిన కళ్ళకి 14 చాలా తక్కువగా కనిపించింది. కానీ ఆరు తీసి కోస్తే నాలుగింటిలో 640 ముక్క కింద పడింది! పైన 2.7 కేబీ వెక్టర్. జెల్ ఫోటో ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను.

నీలి_మచ్చ
అక్కా సూపర్! మాకు కూడా డీహెచ్5ఆల్ఫాలో మొదటిసారి తెల్లవి వచ్చాయి. రేపు కోస్తాం. ముందు మా టెంప్లేట్ ఏ యాంటీబయాటిక్‌దో చూశాను, కనామైసిన్.

డాలస్_శ్రీను
మిగతా రెండు తెల్లవాటి సంగతి?

వైజాగ్_సింధు
అవి పాత ప్లాస్మిడ్ కాదు. కోయకుండా నడిపితే ఖాళీ పీయూసీ19 సైజే. ఎం13 పీసీఆర్‌కి నీలి కాలనీ బ్యాండ్ లాంటిదే వచ్చింది, కాస్త చిన్నదేమో. ఖాళీ వెక్టర్ అయితే నీలం రావాలి కదా, తెల్లగా ఎందుకున్నాయి?

రవళి_పీహెచ్‌డీ
నాలుగు గంటలు కోశావు కదా, ఎంజైమ్‌లో ఏదైనా న్యూక్లియేజ్ జాడ ఉంటే వెక్టర్ కొసలు కొంచెం కొరికి ఉంటుంది. అలా అరిగిన కొసలు తమలో తాము అతుక్కుంటే ఒకటో రెండో బేసులు తగ్గి రీడింగ్ ఫ్రేమ్ పోతుంది. ఇన్సర్ట్ లేకుండానే తెల్లది.

పాత_పిపెట్
కావచ్చు. కానీ నాలుగు గంటలు కోసింది ఇన్సర్ట్‌ని, వెక్టర్‌ని కాదు. వెక్టర్ పాత బ్యాచ్‌దే అయితే, వెక్టర్ మాత్రమే వేసిన మొదటి ప్లేటు మీద కూడా 2 తెల్లవి ఉన్నాయి. అప్పటి నుంచే ఆ ట్యూబులో ఉండొచ్చు. ఆ రెండు ప్లాస్మిడ్లనీ ఎకోఆర్1తో ఒకసారి, హిండ్3తో ఒకసారి విడిగా కోయండి. ఒక సైట్ పోయి ఉంటే అక్కడే తెలుస్తుంది.

వైజాగ్_సింధు
వెక్టర్ పాత బ్యాచ్‌దే. సోమవారం కోస్తాను. నాలుగు మంచి క్లోన్లలో రెండింటిని సీక్వెన్సింగ్‌కి పంపించాను, రిపోర్ట్ రాగానే ఇక్కడ పెడతాను.